బొట్టు నల్లగా పడిన ఫొటోకు రంగులు

1930లు, 40లలో ఊరి స్టూడియోలో దంపతులు దిగిన ఫొటో మీ ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండి. చాలా ఫొటోల్లో ఆవిడ నుదుట కుంకుమ బొట్టు నల్లగా ఉంటుంది. పెదవులు నల్లబారి ఉంటాయి. పెళ్ళి ఫొటో అయితే మధుపర్కాల ఎర్ర అంచు కూడా నల్లగానే కనిపిస్తుంది. ఇద్దరి ఒంటి ఛాయ, తర్వాతి రోజుల్లో దిగిన ఫొటోల్లో కన్నా బాగా ముదురుగా ఉంటుంది. ఫొటో పాతబడి ఇలా అయిందనుకుంటాం. కానీ అది కడిగి ఆరబెట్టిన రోజునే అలా ఉంది. ఆ ఫిల్ముకు ఎరుపు కనిపించదు.

నలుపు తెలుపు ఫొటోకు రంగులు వేద్దామని కూర్చున్నవాళ్ళలో చాలామంది ఈ సంగతి తెలియకుండానే మొదలుపెడతారు. బొట్టు మీద ఎరుపు వేస్తారు, అది నల్లగానే ఉంటుంది. ఇంకా ముదురు ఎరుపు వేస్తారు, అయినా నలుపే. చర్మానికి మంచి గోధుమ రంగు వేసినా ముఖం మట్టి పూసినట్టు తయారవుతుంది. రంగు ఎంపికలో ఏదో తేడా ఉందని రంగులు మారుస్తూ పోతారు. నిజానికి తేడా రంగులో లేదు, దాని కింద ఉన్న బూడిద ఛాయలో ఉంది. పాత ఫొటోకు రంగు వేయడమంటే ముందుగా ఆ బూడిద ఛాయను సరిచేయడమే. ఆ పని కుదిరితే తర్వాత వేసే రంగు పల్చగా ఉన్నా నమ్మేలా ఉంటుంది.

ఫిల్ము మీద పూసే వెండి లవణాలు సహజంగా నీలం, ఊదా, అతినీలలోహిత కాంతికే స్పందిస్తాయి. 1873లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ విల్‌హెల్మ్ వోగెల్, ఆ పూతలో కొన్ని అద్దకపు రంగులు కలిపితే అది ఆకుపచ్చ కాంతికి కూడా స్పందిస్తుందని కనిపెట్టాడు. అలా వచ్చినవే ఆర్థోక్రోమాటిక్ ప్లేట్లు. పసుపు, ఆకుపచ్చ, నీలం వాటికి తెలుస్తాయి, ఎరుపు తెలియదు. ఎరుపుతో సహా అన్ని రంగులనూ చూడగలిగే పాన్‌క్రోమాటిక్ ప్లేట్లను 1906లో ఇంగ్లండులో రాటెన్ అండ్ వెయిన్‌రైట్ కంపెనీ అమ్మకానికి తెచ్చింది. సినిమాలు 1920ల చివరికల్లా అలాంటి ఫిల్ముకు మారిపోయాయి. కానీ ఫొటో స్టూడియోలు ఆ తర్వాత కూడా చాలాకాలం పాత రకాన్ని వదల్లేదు. కారణం చిన్నదే. ఎరుపు తెలియని ప్లేటును డార్క్‌రూములో ఎర్ర దీపం పెట్టుకుని, కళ్ళతో చూసుకుంటూ కడగవచ్చు. బొమ్మ ఎంత తేలిందో చూసి, చాలనుకున్నప్పుడు పైకి తీయవచ్చు. అన్ని రంగులూ తెలిసిన ప్లేటయితే చిమ్మచీకట్లో, గడియారాన్ని నమ్ముకుని కడగాలి.

1957లో వచ్చిన 'మాయాబజార్'ను 2010లో రంగుల్లోకి మార్చినప్పుడు ఈ చిక్కు లేదు. సినిమా ఫిల్ము ఎరుపును చూడగలిగేది కాబట్టి అందులోని బూడిద ఛాయలు మన కంటికి తోచేదానికి దగ్గరగానే ఉంటాయి. అంతకు ఓ పదిహేనేళ్ళ ముందు మన తాతమ్మలు దిగిన ఫొటోలో ఆ భరోసా లేదు.

ఫిల్ము వల్ల ఎంత తేడా వస్తుందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. కంప్యూటరులో ప్రతి రంగునూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పాళ్ళుగా, ఒక్కోటి 0 నుంచి 255 వరకు అంకెలతో రాస్తారు. మన కన్ను వెలుగును కొలిచే తీరులో ఆకుపచ్చకు ఎక్కువ పాలు, ఎరుపుకు మధ్యస్థం, నీలానికి తక్కువ. టీవీ ఇంజనీర్లు పాతకాలం నుంచీ వాడుతున్న లెక్క ఇది:

```
Y = 0.299 R + 0.587 G + 0.114 B
```

కుంకుమ ఎరుపు ఒకటి తీసుకుందాం: 190, 30, 45. ముదురు ఆకుపచ్చ: 30, 95, 60. నెమలికంఠం లాంటి నీలం: 40, 70, 150. ఈ లెక్కలో వేస్తే ఎరుపు 80, ఆకుపచ్చ 72, నీలం 70 వస్తాయి. అంటే పాన్‌క్రోమాటిక్ ఫిల్ము మీద ఈ మూడు రంగుల చీరలూ ఇంచుమించు ఒకే బూడిద రంగులో పడతాయి. ఫొటో చూసి ఏది ఏదో ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఎరుపు తెలియని ఫిల్ము సంగతి. మోటు అంచనాగా ఆకుపచ్చ, నీలం పాళ్ళకు సగటు కడదాం. కుంకుమ ఎరుపు 38కి పడిపోతుంది, దాదాపు నలుపే. ఆకుపచ్చ 78 దగ్గర ఉంటుంది. నీలం 110కి పెరిగి లేత బూడిద రంగులోకి వస్తుంది. చామనఛాయ చర్మం (160, 112, 84) కంటి లెక్కలో 123 ఉండాల్సింది 98కి దిగుతుంది. మేలిమి బంగారం (200, 150, 60) 155 నుంచి 105కి దిగిపోయి సీసంలా కనిపిస్తుంది. ఇవి కచ్చితమైన కొలతలు కావు. ఫిల్ముకూ ఫిల్ముకూ, వెలుతురుకూ వెలుతురుకూ అంకెలు మారతాయి. మారనిది వరుస: ఎరుపు కిందికి, నీలం పైకి.

ఇందులో మనకు కలిసొచ్చే సంగతి కూడా ఒకటుంది. అన్ని రంగులూ తెలిసిన ఫిల్ములో కలిసిపోయిన మూడు చీరలు, ఎరుపు తెలియని ఫిల్ములో విడివిడిగా పడ్డాయి. అంటే ఆ పాత ఫొటోలో రంగు గురించిన ఆచూకీ కాస్త ఎక్కువే మిగిలి ఉంది. లేత బూడిదలో ఉన్న పట్టుచీర ముదురు ఎరుపు అయ్యే అవకాశం లేదు. నల్లగా ఉన్న అంచు నీలం కావడం కష్టం.

అయితే చేతిలో ఉన్న ఫొటో ఏ రకానిదో ఎలా తెలుస్తుంది? రంగు ముందే తెలిసిన వస్తువును ఫొటోలో వెతకాలి. పెళ్ళైన స్త్రీ బొట్టు, పెదవులు, మధుపర్కాల అంచు అందుకు పనికొస్తాయి. 1947 తర్వాతి బడి ఫొటోలో జెండా ఉంటే ఇంకా మంచిది. కాషాయం పట్టీ ఆకుపచ్చ కన్నా నల్లగా పడితే ఆ ఫిల్ముకు ఎరుపు తెలియదన్నమాట. ఆరుబయట దిగిన ఫొటోలో ఆకాశం ఒక్క మబ్బు తునక కూడా కనిపించకుండా తెల్లగా వెలిసిపోయి ఉంటే అదీ ఒక ఆనవాలే. ఒక్క ఆనవాలుతో తేల్చేయకూడదు. పిల్లలకూ పెళ్ళికాని ఆడపిల్లలకూ చాదు బొట్టు పెట్టేవారు, అది నిజంగానే నలుపు. మెడలో ముదురుగా కనిపించే పూసలు నల్లపూసలు కావచ్చు, పగడాలూ కావచ్చు. పగడం ఎరుపు కాబట్టి ఈ ఫిల్ములో రెండూ ఒకేలా పడతాయి. అక్కడ ఆకారమే దిక్కు. నల్లపూసలు సన్నగా, దగ్గరదగ్గరగా గుచ్చి ఉంటాయి. పగడాలు లావుగా ఉంటాయి, మధ్యమధ్య బంగారు గుండ్లు ఉంటాయి.

మా అమ్మమ్మ, తాతయ్య గోదావరి ఒడ్డున ఒక ఊరి స్టూడియోలో దిగిన ఫొటో మీద నేను చేసిన పని చెబితే మిగతా సంగతులు తేలిగ్గా అర్థమవుతాయి. అట్ట వెనక పెన్సిలుతో 'విక్రమ' అని రాసి ఉంది. అది తెలుగు సంవత్సరం పేరు. 1940 ఉగాది నుంచి 1941 ఉగాది వరకు నడిచింది. తాతయ్య కుర్చీలో కూర్చున్నాడు, పంచె, కోటు, భుజాన కండువా. పక్కన అమ్మమ్మ నిలబడి ఉంది, పట్టుచీర, వడ్డాణం, కాసులపేరు. వెనక తెర మీద మెట్లు, స్తంభాలు, దూరంగా చెట్లు. బొట్టు నలుపు, పెదవులు నలుపు, చీర లేత బూడిద, అంచు దాదాపు నలుపు.

ముందు స్కానింగ్. పోస్టుకార్డు సైజు ఫొటో కాబట్టి 600 డీపీఐ చాలు. అంతకన్నా చిన్నదైతే 1200 పెట్టాలి. ఒక్కో రంగుకు 16 బిట్లు ఎంచుకుని టిఫ్ ఫైలుగా దాచాను. తర్వాత ఛాయలు సాగదీసేటప్పుడు 8 బిట్ల ఫైలులో మెట్లుమెట్లుగా గీతలు పడతాయి. ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకకూడదు, అద్దంతోనే స్కాన్ చేయాలి. బొమ్మ పొర అద్దం మీదే ఉండిపోతే ఇక దాన్ని అతికించలేం. స్కాన్ అయ్యాక పసుపుపచ్చని మరకలూ గోధుమ ఛాయా అన్నీ తీసేసి శుద్ధ బూడిదలోకి మార్చాలి. లేకపోతే తర్వాత వేసే ప్రతి రంగులోనూ ఆ పాత పసుపు కలుస్తుంది.

ఆ తర్వాత సాక్ష్యాలు పోగుచేయాలి. చీర రంగు ఏమిటని ఇంట్లో అడిగితే అందరూ ఎరుపన్నారు, పట్టుచీర అనగానే అదే తోస్తుంది. ఫొటో మాత్రం ఒప్పుకోవడం లేదు. వెలుతురు సమంగా పడిన మడత దగ్గర కొలిస్తే చీర బూడిద 110 ప్రాంతంలో ఉంది, అంచు 40 దగ్గర. ఈ అంకెలను విడిగా నమ్మకూడదు. ఫొటోగ్రాఫరు ప్లేటుకు వెలుతురు ఎంతసేపు చూపించాడు, కాగితం మీద ఎంత ముదురుగా అచ్చు వేశాడు అన్నదాన్ని బట్టి అంకెలన్నీ పైకో కిందికో జరుగుతాయి. అందుకే అదే ఫొటోలోని తెల్ల కండువానూ, నల్ల జుట్టునూ, ఎరుపని తెలిసిన బొట్టునూ పక్కన పెట్టి చూడాలి. అలా చూసినా చీర ఎరుపు కావడానికి వీల్లేదు, అంచే ఎరుపై ఉండాలి.

అమ్మమ్మ చెల్లెలు అప్పటికి ఉన్నారు. రంగు పేరేదీ ముందుగా నా నోటి వెంట రానీయకుండా ఫొటో చేతికిచ్చాను. పేరు అందిస్తే పెద్దవాళ్ళు దానికే తలూపుతారు.

"చిన్నమ్మమ్మా, ఈ చీర గుర్తుందా?"

"ఎందుకు లేదురా, అత్తారింటికి వెళ్ళేటప్పుడు పెట్టింది. ఎండలో ఒకలా నీడలో ఒకలా ఉండేది. నెమలికంఠం. కుంకుమంచు."

లేత బూడిద ఒంటికి నీలం, నల్లని అంచుకు ఎరుపు. ఆవిడ మాటా ఫిల్ము మాటా కలిశాయి. అన్నిసార్లూ ఇంత అనుకూలంగా జరగదు. జ్ఞాపకం ఒకటి చెప్పి ఫొటో ఇంకొకటి చెబితే నేను ఫొటోనే నమ్ముతాను. మనిషి ఇంకో చీరను తలుచుకుంటూ ఉండవచ్చు. చీరే పెట్టెలో దొరికితే అంతకు మించింది లేదు, కానీ పైకి కనిపించే రంగును తీసుకోకూడదు. లోపలి మడతలో, అంచు కుట్టు కింద, వెలుతురు తగలని చోట చూడాలి. జరీ కూడా అంతే. అది బంగారు పూత పూసిన వెండి తీగ. పూత అరిగితే వెండి నల్లబడుతుంది. 1940లో అది ధగధగలాడుతూ ఉండేది.

ఇప్పుడు అసలు పని, ఛాయలు దిద్దడం. ఒక్కో భాగానికి విడిగా మాస్కు గీసి, `Curves` తో ఎత్తడమో దించడమో చేయాలి. చర్మాన్ని 98 నుంచి 120 దాకా ఎత్తాను. బొట్టునూ అంచునూ 38, 40 నుంచి 75కి తెచ్చాను. పెదవులను కొంచెం పైకి లాగాను. నగలను బాగా ఎత్తాను. ఇక చీరను ఎత్తలేదు సరికదా, 110 నుంచి 75 దాకా దించాను. కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఛాయను తాకకుండా ఉన్నదాని మీద నీలం వేస్తే ఆకాశం రంగు చీర వస్తుంది, అలాంటి నెమలికంఠం ఎక్కడా ఉండదు. ముదురు చేశాక అదే నీలం వేస్తే పట్టు బరువు కనిపిస్తుంది.

ఎత్తడానికి ఒక హద్దుంది. నల్లగా పడిన చోట ఫిల్ములో వివరమే తక్కువ. చిన్న బొట్టుకు ఫరవాలేదు. చీర మొత్తం ఎరుపై, మొత్తం నల్లగా పడి ఉంటే, దాన్ని 80 దాకా ఎత్తితే మడతల బదులు వెండి రేణువుల గరుకు పైకి తేలుతుంది. అలాంటప్పుడు సగం దాకా ఎత్తి ఆగాలి. కాస్త ముదురు ఎరుపును కన్ను ఒప్పుకుంటుంది గాని గరుకు పొరను ఒప్పుకోదు.

చర్మం ఛాయ విషయంలో ఇంకో చిక్కుంది. అప్పటి స్టూడియోల్లో నెగటివ్ మీద ముఖాన్ని పెన్సిలుతో దిద్దేవారు. నెగటివ్ మీద పెన్సిలు పొడి పడిన చోట కాగితం మీద తెల్లబడుతుంది. మచ్చలు పోగొట్టడానికి మొదలైన ఈ పని చాలాసార్లు ముఖం మొత్తాన్ని తెల్లబరిచేదాకా పోయేది. ఫొటోకు కూర్చునే ముందు రాసుకున్న పౌడరు సరేసరి. మా ఫొటోలో అమ్మమ్మ ముఖం చేతుల కన్నా ఓ పదిహేను అంకెలు తెలుపు. దిద్దేవాళ్ళు చేతుల జోలికి వెళ్ళేవారు కాదు కాబట్టి ఒంటి ఛాయకు ముంజేతులను ఆధారంగా తీసుకున్నాను. చేతులు ఎండకు కొంచెం నల్లబడి ఉంటాయన్న లెక్క కూడా వేసుకుని, ముఖాన్ని వాటికి దగ్గరగా దించాను. బంధువుల్లో ఒకరిద్దరు "అమ్మమ్మను నల్లగా చేశావేం?" అన్నారు. ఆవిడ చామనఛాయ మనిషే. ఆమెను తెల్లగా మార్చి రంగుల్లో చూపిస్తే ఆ బొమ్మలో ఆమె ఉండదు. స్టూడియో చిత్రకారుడు పాతరోజుల్లో చేత్తో రంగులద్దిన కాపీ ఉంటే దాన్ని కూడా ఇదే జాగ్రత్తతో చూడాలి. వాళ్ళు అందరికీ గులాబీ బుగ్గలు పెట్టేవారు, లేని నగలను కూడా గీసేవారు.

ఛాయలు కుదిరాక రంగు వేయడం సగం పనే. కొత్త లేయరు తెరిచి, జింప్‌లో అయితే దాని మోడ్ `LCh Color` గా, ఫొటోషాప్‌లో అయితే `Color` గా పెట్టాలి. అప్పుడు కింది లేయరు వెలుగునీడలు అలాగే ఉండి రంగు మాత్రమే చేరుతుంది. చర్మానికి ఒకే గోధుమ రంగు వేస్తే మైనపు బొమ్మలా ఉంటుంది, ఎందుకంటే చర్మం రంగు ఒక పొరది కాదు. పైన మెలనిన్ గోధుమ, కింద రక్తం ఎరుపు. చెవి తమ్మెలు, ముక్కు కొన, వేళ్ళ కణుపులు, పెదవుల దగ్గర రక్తం చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ ఎరుపు పాలు కాస్త ఎక్కువ. నుదురు కొంచెం పసుపు వైపు ఉంటుంది. గడ్డం గీసుకున్న మగవాళ్ళ దవడ దగ్గర రంగు చల్లబడి బూడిద వైపు తిరుగుతుంది. అరచేతుల్లో మెలనిన్ తక్కువ, అవి లేతగా ఉంటాయి. ముక్కు మీదా చెంప ఎముక మీదా వెలుగు మెరిసే చోట రంగు దాదాపు ఉండదు, ఆ మెరుపు దీపానిదో కిటికీదో తప్ప చర్మానిది కాదు. ఈ తేడాలన్నీ చాలా కొద్దిగానే ఉండాలి. పక్కనున్న రంగు నుంచి విడిగా గుర్తుపట్టగలిగితే ఎక్కువ వేసినట్టే. కళ్ళలో తెల్లగుడ్డు తెలుపు కాదు, పళ్ళూ తెలుపు కావు. రెండింటికీ చర్మపు రంగు కొద్దిగా అంటించాలి.

బంగారం తీరు దీనికి పూర్తిగా వేరు. లోహం మెరుపులో లోహం రంగే ఉంటుంది. నీలి కాంతిని బంగారం మింగేస్తుంది, అందుకే దాని మీద పడ్డ తెల్లని వెలుతురు పసుపుగా తిరిగొస్తుంది. కాసులపేరు మెరుపులను తెల్లగా వదిలేస్తే ఇత్తడి కూడా కాదు, స్టీలులా కనిపిస్తుంది. మెరుపుకు లేత పసుపు, నడిమికి నిండు పసుపు, నీడకు ఎర్రని గోధుమ. నగ నిండా ఒకే పసుపు పూస్తే ప్లాస్టిక్ అయిపోతుంది.

నెమలికంఠం చీరకు కూడా ఒక్క రంగు చాలదు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేస్తారు కాబట్టి మడత తిరిగిన చోట రెండో రంగు బయటపడుతుంది. నీలాన్ని ఒళ్ళంతా వేసి, మడతల శిఖరాల మీద మాత్రం ఆకుపచ్చను పల్చగా అద్దాను. చిన్నమ్మమ్మ చెప్పిన ఎండా నీడా తేడా అదే.

పంచె, కండువా తెలుపు అని వదిలేయకూడదు. ఇప్పటి బట్టల్లో కనిపించే మిరుమిట్ల తెలుపు, డిటర్జెంటు పొడుల్లో కలిపే పదార్థాల వల్ల వస్తుంది. అవి రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే విరివిగా వాడుకలోకి వచ్చాయి. 1940లో చాకలి ఉతికి నీలిమందు పెట్టిన పంచె, లేత గోధుమ మీద ఇసుమంత నీలం కలిసిన తెలుపు. చీర పక్కనున్న మోకాలి దగ్గర పంచె మడతల్లోకి నీలం కూడా కొంచెం పాకుతుంది. ఒక వస్తువు రంగు పక్కదాని మీద ఇలా పడకపోతే బొమ్మలో ప్రతిదీ కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. మాస్కుల అంచులు పదునుగా ఉన్నా అదే జరుగుతుంది. మన కన్ను వెలుగును చూసినంత పదునుగా రంగును చూడలేదు. జేపెగ్ ఫైళ్ళు రంగు సమాచారాన్ని సగం వివరంతో దాచినా మనకు తెలియనిది అందుకే. కాబట్టి రంగు రెండు మూడు పిక్సెళ్ళు హద్దు దాటినా నష్టం లేదు, హద్దు దగ్గర కచ్చితంగా ఆగితేనే నష్టం. నుదుటి మీద వెంట్రుకల మొదళ్ళ దగ్గర చర్మపు రంగు జుట్టులోకి నెమ్మదిగా కరిగిపోవాలి.

వెనక తెరను చూడగానే చెట్లకు పచ్చ, ఆకాశానికి నీలం వేయాలనిపిస్తుంది. ఆగాలి. నలుపు తెలుపు కెమెరా కోసం గీయించిన తెరలను చాలా స్టూడియోల్లో బూడిద, గోధుమ ఛాయల్లోనే గీసేవారు, రంగులు వేసినా ఫొటోలో కనిపించవు కదా. పైగా తెర మీద చెట్టు పచ్చగా మారితే అది నిజం చెట్టు అవుతుంది, ఫొటో స్టూడియోలోంచి అడవిలోకి వెళ్ళిపోతుంది. నేను తెరకు వెచ్చని బూడిద రంగు తప్ప ఏమీ వేయలేదు. మనుషులు ముందుకొచ్చారు.

ఇదంతా ఎందుకు, బొత్తాం నొక్కితే రంగులు వేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కదా అంటారు. అవి ఈనాటి రంగుల ఫొటోలను లక్షల్లో బూడిదగా మార్చి, ఏ బూడిద ఆకారానికి ఏ రంగు ఉంటుందో చూసి నేర్చుకున్నవి. అలా మార్చేటప్పుడు ఎరుపు కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి, ఎరుపు తెలియని ఫిల్ము అవి చూసిన లోకంలోనే లేదు. నల్లగా పడిన కుంకుమను నల్లగానే వదిలేస్తాయి, నల్లని అంచుకు ముదురు గోధుమో నీలమో వేస్తాయి. ఎటూ తేల్చుకోలేని చోట సగటు రంగు వేస్తాయి, అందుకే పట్టుచీరలు మట్టి రంగులోకి దిగిపోతుంటాయి. ఛాయలు దిద్దిన తర్వాత వాటి చేత మొదటి పూత వేయించుకుంటే తప్పు లేదు. దిద్దకముందు వేయిస్తే వాటి తప్పులు చెరపడానికే ఎక్కువ సమయం పడుతుంది.

పని అయ్యాక కళ్ళు ఆ బొమ్మకు అలవాటుపడి ఉంటాయి, తప్పులు కనిపించవు. నేను నమ్మే పరీక్ష ఒకటుంది. రంగుల బొమ్మ కాపీ తీసి, దాన్ని మళ్ళీ 1940 నాటి ఫిల్ముకు చూపించడమే. జింప్‌లో `Colors > Components > Mono Mixer` తెరిచి ఎరుపును 0, ఆకుపచ్చను 0.5, నీలాన్ని 0.5 పెట్టాలి. ఫొటోషాప్‌లో `Channel Mixer` లో `Monochrome` ఎంచుకుని 0, 50, 50 ఇవ్వాలి. అప్పుడు వచ్చే నలుపు తెలుపు బొమ్మ మొదటి స్కానుకు దగ్గరగా ఉండాలి. బొట్టు మళ్ళీ నల్లబడాలి, చీర మళ్ళీ లేతబడాలి, చర్మం మళ్ళీ ముదరాలి. ఏ భాగమైనా తిరిగి తన పాత ఛాయకు చేరకపోతే అక్కడ వేసిన రంగు తప్పు, లేదా ఎత్తడం దించడం తప్పు. నా మొదటి పూతలో వడ్డాణం తిరిగి రాలేదు, స్కానులో కన్నా బాగా లేతగా వచ్చింది. దాన్ని నిమ్మపండు పసుపులో వేశాను, అందులో ఆకుపచ్చ పాలు ఎక్కువ. మేలిమి బంగారం ఇంకా నారింజ వైపు ఉండాలి. మార్చాక సరిపోయింది. ముఖం మాత్రం ఈ పరీక్షలో స్కాను కన్నా ముదురుగానే వస్తుంది, పెన్సిలు దిద్దిన తెలుపును నేను కావాలనే తీసేశాను కాబట్టి.

పరీక్ష నెగ్గినంత మాత్రాన రంగు నిజమని కాదు. ఒకే బూడిద ఛాయను ఇచ్చే రంగులు ఎన్నో ఉంటాయి. నీలం బదులు ఊదా కలిసిన లేత రంగేదైనా అక్కడ కూర్చోగలదు. తాతయ్య కోటు సంగతి నాకు ఇప్పటికీ తేలలేదు. అది స్కానులో ముదురు బూడిద, నలుపైనా కావచ్చు, గోధుమైనా కావచ్చు, ఎవరికీ గుర్తు లేదు. అక్కడ గోధుమ వైపు కొద్దిగా మొగ్గిన బూడిద రంగు వేసి ఊరుకున్నాను. తెలియని చోట రంగు తగ్గించడం వల్ల బొమ్మ చెడదు, ఊహించి నిండు రంగు వేస్తేనే చెడుతుంది.

స్కాను చేసిన నలుపు తెలుపు ఫైలును ముట్టుకోకుండా విడిగా దాచాను. రంగుల ప్రతి అచ్చు వేయించి, వెనక నాలుగు ముక్కలు రాశాను: చీర, అంచు రంగులు చిన్నమ్మమ్మ చెప్పినవి, ఫిల్ముతో సరిపోయాయి, ఒంటి ఛాయ ముంజేతుల నుంచి తీసింది, నగలు ఇంట్లో ఉన్న కాసులపేరును చూసి వేసినవి, కోటు రంగు ఊహ.